అప్‌డేట్: రెండు దేశాల పట్టికలో తులనాత్మక ప్రయోజనం లెక్క తేలింది

నా పాత ప్రశ్న: "‘క’ దేశానికి బట్ట 2, గోధుమ 4; ‘చ’ దేశానికి 6, 6. కీలో ‘క’కి బట్ట అని ఉంది, నాకు గోధుమ వస్తోంది. ఎందుకు?"

సాయం చేసినవారందరికీ ధన్యవాదాలు. "పట్టిక శీర్షిక చూడండి" అన్న సలహాతోనే విషయం తేలింది. ఆ అంకెలు ఉత్పత్తి కావు, ఒక్కో యూనిట్‌కి పట్టే శ్రమ గంటలు. గంటల పట్టికలో ఏ వస్తువు అవకాశ వ్యయం కావాలో దాని గంటలు పైన, వదులుకునే వస్తువు గంటలు కింద వేయాలి. ‘క’లో ఒక బట్టకు పట్టే 2 గంటల్లో అర యూనిట్ గోధుమే పండుతుంది, అంటే 2/4. ‘చ’లో 6/6, ఒక యూనిట్. కాబట్టి బట్ట ‘క’కి, గోధుమ ‘చ’కి. అదే ఉత్పత్తి పట్టికైతే భిన్నం తలకిందులవుతుంది. ‘క’లో ఒక బట్టకు 2 గోధుమలు పోతాయి, జవాబు కూడా తారుమారవుతుంది. కీ సరైనదే.

వాణిజ్య నిష్పత్తి గురించి అడిగినవారికి: ఒక బట్టకు 0.5, 1 గోధుమ యూనిట్ల మధ్య ఏ ధరైనా ఇద్దరికీ లాభమే.

‘క’ రెండింటిలోనూ తక్కువ గంటలు వాడుతుందన్న నిరపేక్ష ప్రయోజనం ఇక్కడ అక్కరకు రాలేదు. మొత్తం శ్రమ గంటలు కూడా అంతే, అవి ఉత్పత్తి అవకాశ రేఖ గీయడానికే కావాలి.