ప్రిస్మా ఫ్లో డయాగ్రమ్‌లో చివరి పెట్టె లెక్క కుదరడం లేదు: 79లో 58 తీసేస్తే 17 ఎలా వస్తుంది?

గైనిక్_పీజీ_గుంటూరు

అందరికీ నమస్కారం. గర్భిణులలో ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతకు నరం ద్వారా ఎక్కించే ఐరన్‌ను ఐరన్ మాత్రలతో పోల్చిన రాండమైజ్డ్ ట్రయల్స్‌పై సిస్టమేటిక్ రివ్యూ రాస్తున్నాను. పబ్‌మెడ్‌లో 412, ఎంబేస్‌లో 688, సెంట్రల్‌లో 305, సీటీఆర్‌ఐలో 37, మొత్తం 1,442 రికార్డులు వచ్చాయి. డూప్లికేట్లు 506 పోగా 936 మిగిలాయి. శీర్షిక, సారాంశం చూసి 851 పక్కన పెట్టాం. మిగిలిన 85 ఫుల్ టెక్స్టుల కోసం వెతికితే 6 దొరకలేదు. 79 పూర్తిగా చదివి 58 తీసేశాం. గర్భిణులు కానివారిపై జరిగినవి 19, మాత్రలతో పోలిక లేనివి 16, రాండమైజేషన్ లేనివి 14, మాకు కావలసిన హిమోగ్లోబిన్ ఫలితం ఇవ్వనివి 9. చివరి పెట్టెలో 17 స్టడీలు అని రాశాను.

నా సందేహాలు మూడు. 79లో 58 పోతే 21 ఉండాలి గదా అని మా గైడ్ అడుగుతున్నారు, ఆయనకు ఏమని సమాధానం చెప్పాలి? సీటీఆర్‌ఐ సంఖ్యను ఏ వరుసలో చూపాలి? మేము మెటా అనాలిసిస్ చేయడం లేదు కనుక చెక్‌లిస్టులోని 13వ అంశం కింద ఏమి రాయాలి?

బయోస్టాట్_వరంగల్

మీ గైడ్ చెప్పింది న్యాయమే. పై పెట్టెలోంచి పక్క పెట్టె తీసేస్తే కింది పెట్టె రావాలి, అది కూడికలు తీసివేతలు వచ్చిన ఎవరైనా చూసే సంగతి. ఆ నాలుగు ఒకే ట్రయల్ నుంచి వచ్చిన రెండో పేపర్లు అయి ఉంటాయి. వాటిని డూప్లికేట్ల వరుసలోకి పంపి 506ను 510 చేయండి, లెక్క చక్కగా కుదురుతుంది. థీసిస్ బోర్డులో ఇలాంటి చోటే ముందు ప్రశ్న పడుతుంది.

లైబ్రేరియన్_విశాఖ

అలా చేయకండి, దయచేసి. వైద్య కళాశాల గ్రంథాలయంలో చాలా ఏళ్లుగా పీజీల రివ్యూలకు సెర్చ్ రాసి పెట్టేది నేనే, ఈ ఒక్క సర్దుబాటు వల్ల పేపరు వెనక్కి రావడం చాలాసార్లు చూశాను. డూప్లికేట్ అంటే ఒకే పేపరు రికార్డు పబ్‌మెడ్‌లోనూ ఎంబేస్‌లోనూ రావడం. ఒకే ట్రయల్‌పై రెండు వేర్వేరు పేపర్లు వస్తే అవి రెండు రిపోర్టులు, ఒక స్టడీ. వాటిలో ఒకటి తల్లి హిమోగ్లోబిన్ గురించీ, మరొకటి శిశువు బరువు గురించీ చెబుతూ ఉండవచ్చు. రెండోదాన్ని డూప్లికేట్ అని తీసేస్తే ఆ సమాచారమే పోతుంది.

2020 ప్రిస్మా డయాగ్రమ్‌లో శీర్షిక, సారాంశం చూసే దశ దాకా పెట్టెలు రికార్డులను, ఫుల్ టెక్స్టు దశ పెట్టెలు రిపోర్టులను లెక్కపెడతాయి. చివరి పెట్టెలో మాత్రం రెండు వరుసలు ఉంటాయి, ఒకటి స్టడీల సంఖ్య, రెండోది వాటి రిపోర్టుల సంఖ్య. మీరు రెండో వరుస వదిలేశారు. స్టడీలు 17, రిపోర్టులు 21 అని రాస్తే తీసివేత కూడా సరిపోతుంది, మీ గైడ్‌గారి సందేహమూ తీరుతుంది.

సీటీఆర్‌ఐ ట్రయల్ రిజిస్ట్రీ. డయాగ్రమ్ పైభాగంలో డేటాబేసులు ఒక వరుస, రిజిస్టర్లు ఇంకొక వరుస. 37ను రెండో దానిలో పెట్టండి.

దంతవైద్య_విద్యార్థి

నాది స్కోపింగ్ రివ్యూ. ప్రాస్పెరోలో నమోదు చేయబోతే తీసుకోలేదు. నేను కూడా ఈ 27 అంశాల చెక్‌లిస్టే నింపాలా? మా మేడమ్ నింపమంటున్నారు.

నర్సింగ్_లెక్చరర్

ప్రాస్పెరో స్కోపింగ్ రివ్యూలను నమోదు చేయదు తమ్ముడూ, అది మీ లోపం కాదు. వాటికి వేరే ప్రిస్మా విస్తరణ ఉంది, 2018లో వచ్చింది, అందులో తప్పనిసరి అంశాలు 20, ఐచ్ఛికమైనవి 2. ఆ పత్రాన్ని మీ మేడమ్‌కు చూపించండి. ఇక్కడ గుంటూరు డాక్టరుగారి ప్రశ్న వేరు కాబట్టి మీ సంగతికి వేరే చర్చ మొదలుపెడితే బాగుంటుంది.

లైబ్రేరియన్_విశాఖ

ఇంకొక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తీసేసిన 58లో "హిమోగ్లోబిన్ ఫలితం ఇవ్వనివి 9" అన్న వరుస నన్ను కలవరపెడుతోంది. సరైన జనాభా, సరైన పోలిక, సరైన రాండమైజేషన్ ఉన్న ట్రయల్‌ను ఒక ఫలితం అచ్చు వేయలేదన్న కారణంతో రివ్యూ నుంచే తొలగించడం సబబు కాదు. వాళ్లు హిమోగ్లోబిన్ కొలిచి, తేడా కనబడక రాయకుండా వదిలేసి ఉండవచ్చు. అలాంటివన్నీ తీసేస్తే మిగిలిన పేపర్లు నరం ద్వారా ఇచ్చే ఐరన్‌ను ఉన్నదానికంటే మెరుగ్గా చూపిస్తాయి. కోక్రేన్ హ్యాండ్‌బుక్ కూడా సాధారణంగా ఫలితాన్ని అర్హత నియమంగా వాడవద్దనే చెబుతుంది.

బయోస్టాట్_వరంగల్

దీనితో నేను ఏకీభవించను. సంఖ్య లేని పేపరును పెట్టుకుని ఏం చేస్తారు? పట్టికలో ఖాళీ గడి తప్ప మరేమీ రాదు. పైగా ప్రోటోకాల్‌లో ముందే ఆ నియమం రాసి నమోదు చేసి ఉంటే, ఫలితాలు చూశాక నియమం మార్చడమే అసలైన పక్షపాతం. గ్రంథాలయం నుంచి సెర్చ్ రాయడం వేరు, విశ్లేషణ వేరు. విశ్లేషణ విషయంలో గణాంకశాస్త్రం చదివినవాళ్ల మాటకు కొంత విలువ ఇవ్వండి.

లైబ్రేరియన్_విశాఖ

నా ఉద్యోగం ఏదన్నది ఇక్కడి ప్రశ్న కాదు. రివ్యూలో చేరడం ఒకటి, ఒక ఫలితం సింథసిస్‌లో చేరడం మరొకటి. ప్రిస్మా 13a అడిగేది సరిగ్గా ఇదే: ఏ స్టడీలు ఏ సింథసిస్‌కు అర్హమో ఎలా నిర్ణయించారు అని. ఆ ఖాళీ గడి కూడా పాఠకుడికి ఒక సమాచారమే. ఇంతమంది తల్లులపై ట్రయల్ జరిగింది, హిమోగ్లోబిన్ మాత్రం చెప్పలేదు అని అది తెలియజేస్తుంది. ప్రోటోకాల్ మార్పు సంగతికి వస్తే, మార్పును దాచడం తప్పు గానీ మార్చడమే తప్పు కాదు. 24c అంశం ఉన్నదే ఆ మార్పును, దాని కారణాన్ని చెప్పడానికి.

నర్సింగ్_లెక్చరర్

ఇద్దరి మాటలోనూ ఒక సంగతి మరుగున పడుతోంది. ఆ 9 పేపర్లను ఎప్పుడు తీసేశారు, ఒకే ట్రయల్ పేపర్లను ఒకచోట చేర్చక ముందా, చేర్చిన తరువాతా? ముందే తీసేస్తే ప్రమాదం. శిశువు బరువు గురించి చెప్పే పేపరులో హిమోగ్లోబిన్ లేదని తోసేస్తాం, కానీ ఆ ట్రయల్ హిమోగ్లోబిన్ పేపరు ఇప్పటికే మన 17లో ఉండవచ్చు. ఫుల్ టెక్స్టులు చదవగానే రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి, నియామక తేదీలు, గుంపుల పరిమాణం పక్కపక్కన పెట్టి ముందు పేపర్లను జతచేయడం, ఆ తరువాతే అర్హత తేల్చడం మా పద్ధతి.

ఒక్కో పేపరుకు ఒక్క కారణమే వాడారా అన్నది కూడా చెప్పండి. రాండమైజేషనూ లేక, పోలికా లేక పోయిన పేపరును రెండు వరుసల్లోనూ వేస్తే మొత్తం 58 దాటుతుంది. కారణాల వరుసక్రమం ముందే నిర్ణయించుకుని, మొదట విఫలమైనదాన్నే రాయాలి.

గైనిక్_పీజీ_గుంటూరు

ఒక్క కారణమే వాడాము మేడమ్, జనాభా, పోలిక, డిజైన్, ఫలితం అన్న క్రమంలోనే. 19, 16, 14, 9 కలిపితే 58 వస్తుంది. జతచేయడం మాత్రం చివర్లో పెట్టుకున్నాము, 21 పేపర్లు మిగిలాక. మీరు చెప్పిన తరువాత ఆ 9 మళ్లీ తీసి చూశాను. అందులో రెండు మా 17లో ఉన్న ట్రయల్స్‌వే, రిజిస్ట్రేషన్ నంబర్లు ఒకటే.

బయోస్టాట్_వరంగల్

ఆ రెండు వెనక్కి రావాలన్నది ఒప్పుకుంటాను, స్టడీ స్థాయిలో వాటికి హిమోగ్లోబిన్ ఫలితం ఉంది కనుక. మిగిలిన ఏడింటిపై నా అభిప్రాయం మారలేదు. వాటిని చేర్చాలనుకుంటే ప్రాస్పెరో రికార్డులో సవరణ నమోదు చేసి, ఏ తేదీన ఏ దశలో మార్చారో రాయండి. లేకపోతే పరీక్షకులు ఆ సంగతిని అంత తేలికగా వదలరు.

దంతవైద్య_విద్యార్థి

నా ప్రశ్న వేరే చర్చకు తరలించాను. చెక్‌లిస్టులో "ఎక్కడ రాశారు" అన్న గడిలో పేజీ నంబర్లు ఇవ్వాలా అన్నది మాత్రం ఇక్కడే ఎవరైనా చెప్పగలరా?

లైబ్రేరియన్_విశాఖ

పేజీ నంబర్లు జర్నల్ అచ్చులో మారిపోతాయి. "పద్ధతులు, సెర్చ్, రెండో పేరా" అని విభాగం, పేరా పేరుతో రాస్తే చివరిదాకా నిలుస్తుంది.

చెక్‌లిస్టు నింపినప్పుడు నేను మొదట చూసేది 7వ అంశాన్ని. "సంబంధిత పదాలతో వెతికాము" అని రాసి గడి నింపేస్తారు. కావలసింది పూర్తి వాక్యం, అదీ ప్రతి డేటాబేసుకూ విడిగా. పబ్‌మెడ్‌లో ఇలా ఉంటుంది:

```
("Pregnancy"[Mesh] OR pregnan*[tiab]) AND
("Anemia, Iron-Deficiency"[Mesh] OR anemi*[tiab]
 OR anaemi*[tiab]) AND
("iron sucrose"[tiab] OR "ferric carboxymaltose"[tiab]
 OR intravenous[tiab])
```

ఇదే వాక్యాన్ని ఎంబేస్‌లో అతికిస్తే పనిచేయదు, అక్కడి పదకోశం వేరు, గుర్తులూ వేరు. అందుకని ఆ వాక్యాన్ని కూడా అనుబంధంలో ఇవ్వాలి. వాడిన భాష, సంవత్సరం పరిమితులూ, చివరిసారి వెతికిన తేదీ కూడా అందులో ఉండాలి. మీ 688 ఎలా వచ్చిందో మరొకరు అదే వాక్యంతో సరిచూడగలగాలి. 1,442 మీద ఆధారపడే తరువాతి పెట్టెలన్నీ అప్పుడే నమ్మదగినవి అవుతాయి.

ఇక 13వ అంశం గురించి: అది మెటా అనాలిసిస్‌కు మాత్రమే సంబంధించినదని అనుకోవద్దు. మీరు పట్టికల్లో, వివరణలో ఫలితాలను ఎలా కలిపారో, ఎందుకు అలా కలిపారో 13c, 13dలలో రాయండి. చేయనిదానికి మాత్రం "చేయలేదు, ఎందుకంటే" అని ఒక వాక్యం రాయండి, గడి ఖాళీగా వదలవద్దు.

గైనిక్_పీజీ_గుంటూరు

గైడ్‌తో మాట్లాడాను. తొమ్మిదింటినీ తిరిగి చేర్చి సవరణ నమోదు చేయడానికి ఆయన ఒప్పుకున్నారు. తీసేసినవి 49, మిగిలిన రిపోర్టులు 30. ఈ తొమ్మిదిలో రెండు పాత ట్రయల్స్‌వి, ఐదు స్పష్టంగా కొత్త ట్రయల్స్, కాబట్టి స్టడీలు కనీసం 22. మిగిలిన రెండు కాన్ఫరెన్స్ సారాంశాలు. రెండింటి రచయితల్లోనూ ఒక పేరు ఉమ్మడిగా ఉంది, ఆసుపత్రి ఒకటే, గుంపుల పరిమాణం మాత్రం తేడా. రిజిస్ట్రేషన్ నంబరు ఏ ఒక్కదానిలోనూ లేదు. వీటిని ఒక స్టడీగా లెక్కించాలా, రెండుగానా?

నర్సింగ్_లెక్చరర్

గుంపు పరిమాణం తేడా ఒక్కటే చూసి రెండు అనుకోవద్దు. మధ్యంతర ఫలితాన్ని మొదట చెప్పి, తరువాత మొత్తం గుంపును చెప్పి ఉండవచ్చు. నియామకం ఎప్పుడు మొదలైంది, ఏ మోతాదు ఇచ్చారు అన్నవి రెండింటిలో పోల్చండి. ఆ తరువాత రచయితల్లో ఎవరి ఈమెయిల్ దొరికితే వారికి రాసి అడగండి. జవాబు వచ్చేదాకా 22 రాసి, కింద ఒక గమనికలో ఆ రెండు సారాంశాల విషయం స్పష్టంగా పెట్టండి.

బయోస్టాట్_వరంగల్

22 అని రాస్తే 30 రిపోర్టుల్లో ఆ రెండూ ఏ స్టడీకీ చెందకుండా మిగిలిపోతాయి. 23 రాసి, జవాబు వస్తే మార్చండి.