పాత గొలుసు మార్పిడిలో 14 శాతం కోత: లెక్క సరైనదేనా?

బ్రాడీపేట కోడలు: అత్తగారు ఇచ్చిన గొలుసును మార్చి కొత్తది తీసుకుందామని విజయవాడలోని ఒక దుకాణానికి వెళ్లాము. తూకం సరిగ్గా 24 గ్రాములు, అంటే మూడు కాసులు. స్వచ్ఛత చూసే మిషన్‌లో 86 శాతం చూపిందని 14 శాతం తీసివేసి, మిగిలిన 20.640 గ్రాములకు 22 క్యారెట్ల ధర కట్టారు. రేటు రోజూ మారుతుంది కనుక ఇక్కడ గ్రాము 10,000 అనుకుందాం. అప్పుడు పాతదానికి 2,06,400 వస్తుంది. కొత్త గొలుసూ 24 గ్రాములే, తరుగు 12 శాతం. జీఎస్టీతో కలిపి 2,76,864. పైన 70,464 కట్టమన్నారు. ఇది న్యాయమేనా?

పటమట పెద్దాయన: పాత నగల్లో టంకం ఎక్కువ కనుక కోత మామూలే. అయితే జీఎస్టీ పైన కట్టే సొమ్ముకే పడాలి, మొత్తానికి కాదు.

వన్‌టౌన్ పనివాడు: జీఎస్టీ విషయంలో పెద్దాయన పొరబడ్డారు, కొత్త నగ పూర్తి విలువ మీద 3 శాతం వేయడం సరైనదే. తప్పు వేరే చోట ఉందమ్మా. 14 శాతం తీసేశాక మిగిలిన 20.640 గ్రాములు మేలిమి బంగారం, దానికి 24 క్యారెట్ల ధర కట్టాలి. 22 క్యారెట్ల ధరే కడతామంటే, 22 క్యారెట్లలో ఉండేది 91.6 శాతమే కాబట్టి, ఆ బరువును 0.916తో భాగించాలి. అప్పుడు 22.533 గ్రాములు, సుమారు 2,25,330 అవుతుంది. ఒకే కల్తీకి రెండుసార్లు కోత పెట్టడంతో మీకు 19 వేల దాకా పోతోంది. ఇంతకూ మిషన్ కింద ఏ చోటు పెట్టారు?

తెనాలి రాణి: మా రాళ్ల నెక్లెసుకు రాళ్ల బరువు తీసేసి లెక్క కట్టారు, కానీ రాళ్లు మాత్రం తిరిగి ఇవ్వలేదు. అడగవచ్చా?

వన్‌టౌన్ పనివాడు: తప్పక అడగండి, బరువులో లెక్కకు రాని రాళ్లు మీవే. లక్క కూడా మీ ఎదుటే తీయించి తూయించాలి.

బ్రాడీపేట కోడలు: ఈ రోజు మళ్లీ వెళ్లాము. నిన్న హుక్కు దగ్గర పెట్టి చూశారట. నడిమి లంకెల మీద పెట్టిస్తే 88.5 చూపింది.

వన్‌టౌన్ పనివాడు: హుక్కు దగ్గర టంకం ఉంటుంది కనుక అక్కడ తక్కువే చూపుతుంది. మిషన్ పైపొరనే చదువుతుంది, అందుకే మూడు నాలుగు చోట్ల చూడాలి. కచ్చితంగా తేలాలంటే కరిగించి, ఆ ముద్దను తూచి మళ్లీ పరీక్షించాలి. అయితే మురికి, టంకం మండి బరువు కాస్త తగ్గుతుంది, బేరం కుదరకపోయినా గొలుసు ఇక తిరిగి రాదు.

బ్రాడీపేట కోడలు: అక్కడే ఆగిపోయాము. 88.5కు ఒప్పుకుంటున్నారు గానీ, 0.916తో భాగించడం మా దుకాణంలో లేదంటున్నారు. కరిగించడానికి అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఇక విజయవాడ కాకుండా మా గుంటూరులోనే ఒక చోట అడిగి చూస్తాము.