‘చర్య జరపదు కనుక తుప్పు పట్టదు’ అనే వాక్యం సరైనదేనా?

ప్రశ్న, ఒంగోలు నుంచి ఒక విద్యార్థిని:
నేను ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్నాను. కళాశాల తెలుగు పత్రికకు రాస్తున్న వ్యాసంలో ‘స్టెయిన్‌లెస్ స్టీలు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరపదు కనుక తుప్పు పట్టదు’ అని రాశాను. మా అధ్యాపకురాలు ‘కనుక’ కింద ఎర్రగీత గీసి, కారణం తలకిందులైందని మాత్రం రాశారు. ఇది భాషాదోషమా, విషయదోషమా తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

కందుకూరు నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితులు:
వ్యాకరణపరంగా దోషం ఏమీ కనిపించడం లేదమ్మా. హేత్వర్థంలో ‘కనుక’, ‘కాబట్టి’ రెండూ సాధువులే. పత్రికా రచన కాబట్టి ‘కాబట్టి’ అంటే చదవడానికి మరింత సుఖంగా ఉంటుంది.

కావలి నుంచి ఒక సభ్యుడు:
పండితులవారు పదాన్ని చూశారు గానీ, తప్పు విషయంలోనే ఉందండీ. స్టెయిన్‌లెస్ స్టీలు మీద క్రోమియం పొర ఉంటుంది, ఆ పొరే లోపలి ఇనుమును కాపాడుతుంది. మోటారుసైకిలు హ్యాండిల్ మీద మెరిసే క్రోమ్ పూత ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

నెల్లూరు నుంచి, లోహాల తనిఖీ విభాగంలో చాలాకాలం పనిచేసిన సభ్యురాలు:
పొర ఉందన్న మాట నిజమే గానీ, హ్యాండిల్ మీది పూతతో దానిని కలపకూడదు. పూత అనేది తయారీలో పైనుంచి వేసేది. గీత పడి అది తెగిందంటే కింద ఉన్న మామూలు ఉక్కు బయటపడి, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో క్రోమియం కరిగించినప్పుడే కలిసిపోయి, లోహం మందమంతటా పరచుకొని ఉంటుంది. పైనున్న పొర క్రోమియం లోహం కూడా కాదు, ఆ క్రోమియం ఆక్సిజన్‌తో కలిసినందువల్ల పుట్టిన ఆక్సైడు. దానిని ఎవరూ వేయరు, గాలి తగలగానే అదే ఏర్పడుతుంది.

కనుక, అమ్మా, మీ అధ్యాపకురాలు గీత గీసింది సరైన చోటే. స్టెయిన్‌లెస్ స్టీలు ఆక్సిజన్‌తో చర్య జరపకపోవడం వల్ల కాక, ఎంతో వేగంగా జరపడం వల్లనే నిలుస్తున్నది. ఇనుము కూడా చర్య జరుపుతుంది, కాని తడిలో పుట్టే ఇనుప తుప్పు గుల్లగా ఉండి, తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పొట్టులు పొట్టులుగా రాలిపోతుంది. దాని సందుల్లోంచి నీరూ గాలీ మళ్లీ లోపలికి చేరుతూనే ఉంటాయి. క్రోమియం ఆక్సైడు మాత్రం సందు లేకుండా లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. అందువల్ల రెండు మూడు నానోమీటర్ల మందానికి చేరేసరికి దాని ఎదుగుదల దాదాపుగా ఆగిపోతుంది. రెండు నానోమీటర్లంటే ఒక మిల్లీమీటరు మందమున్న రేకులో ఐదు లక్షలవ వంతు, అందుకే కంటికి లోహపు మెరుపే కనిపిస్తుంది గాని పొర కనిపించదు. ఇటువంటి పొర ఎడతెగకుండా ఏర్పడాలంటే ఉక్కు బరువులో సుమారు 10.5 శాతమైనా క్రోమియం ఉండాలి.

విద్యార్థిని:
ధన్యవాదాలండీ. గీత పడితే పొర మళ్లీ ‘మానుతుంది’ అని చదివాను. గీత పడ్డ ప్రతిసారీ క్రోమియం ఖర్చవుతుంటే, కొన్నాళ్లకు అయిపోదా?

నెల్లూరు సభ్యురాలు:
మంచి సందేహం, లెక్క వేసి చూద్దాము. ఒక చదరపు సెంటీమీటరు మేర పొర పూర్తిగా చెరిగిందనుకోండి. రెండు నానోమీటర్ల కొత్త పొరకు పట్టే ఆక్సైడు, దాని సాంద్రత సుమారు 5.2 గనుక, దాదాపు ఒక మైక్రోగ్రాము. Cr2O3 బరువులో మూడింట రెండు వంతులకు కాస్త ఎక్కువ క్రోమియమే, అంటే 0.7 మైక్రోగ్రాము కావాలి. మన వంటపాత్రల్లో తరచుగా వాడే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం ఉంటుంది కనుక, అంత క్రోమియం ఐదు నానోమీటర్ల లోతు ఉక్కులోనే దొరుకుతుంది. ఒకే చోట వందసార్లు గీసినా పొరకోసం పోయేది అర మైక్రాను, అది కూడా మీరు గీకి తీసేసిన లోహం కంటే తక్కువే. ఇది అంచనా లెక్కే అయినా, క్రోమియం అయిపోతుందన్న భయం అక్కరలేదని చెప్పడానికి చాలు. పొర మళ్లీ ఏర్పడడం కూడా సెకనులో చిన్న భాగంలోనే మొదలవుతుంది. అయితే దానికి అక్కడ ఆక్సిజన్ అందాలి.

కావలి సభ్యుడు:
పూత విషయం ఒప్పుకుంటున్నాను. అయినా అసలు పని నికెల్‌ది కాదా? అయస్కాంతానికి అంటుకుంటే అది నకిలీ స్టీలని బజారులో అందరూ చెబుతారు.

నెల్లూరు సభ్యురాలు:
430 రకంలో నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతానికి అంటుకుంటుంది, అయినా అది స్టెయిన్‌లెస్ స్టీలే. నికెల్ ముఖ్యంగా లోహపు అమరికను మార్చి, సాగగుణాన్ని పెంచుతుంది. పొరకు ఆధారం క్రోమియమే.

అల్లూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు:
మీరందరూ మానుతుందని రాస్తున్నారు గానీ, మా చెరువులో ఏరేటర్లకు స్టీలు బోల్టులే వేయించినా, విప్పి చూస్తే వాషరు కింద మాత్రం గుంటలు పడి ఉన్నాయండీ. పైకి కనిపించే తల తళతళలాడుతున్నది. దుకాణదారు మోసం చేశాడని అనుకోవాలా?

నెల్లూరు సభ్యురాలు:
మోసమని ఇంతలో అనలేము, ఎందుకంటే నికార్సయిన 304 కూడా ఉప్పునీటిలో ఇలాగే చెడుతుంది. ఏరేటరు పని నీటిలోకి ఆక్సిజన్ ఎక్కించడమే అయినా, బిగించిన వాషరు కింది సన్నని సందులోకి ఆ నీరు సులువుగా వచ్చిపోదు. లోపల చిక్కిన కొద్ది నీటిలోని ఆక్సిజన్ కాసేపటికి అయిపోతుంది, బయట నుంచి మళ్లీ చేరేది చాలా తక్కువ. లోపల కొద్దికొద్దిగా కరిగే లోహం అయానులు ధనావేశంతో ఉంటాయి కనుక, ఉప్పులోని క్లోరైడు అటువైపు లాగబడుతుంది. కరిగిన క్రోమియం నీటితో కలిసి ఆమ్లతను పెంచుతుంది. అలా సందులోని నీరు బయటి నీటికి పోలిక లేనంత పుల్లగా మారి, పొరను నిలవనివ్వదు. పైగా బయట పెద్ద విస్తీర్ణంలో ఆక్సిజన్ లోపలి చిన్న చోటు నుంచి వచ్చే ఎలక్ట్రానులను తీసుకుంటూ ఉంటుంది, కాబట్టి గుంట లోతుగా దిగుతుంది.

మరక చూసి భయపడే ముందు మెత్తని గుడ్డతో సబ్బునీళ్లు పెట్టి తుడిచి చూడండి. మరక పోయి కింద మెరుపు చెక్కుచెదరకుండా ఉంటే, అది మామూలు ఇనుము రజను అంటుకొని పట్టిన తుప్పు. ఇనుప బ్రష్షుతో తోమితే కూడా అటువంటి రజను అంటుకుంటుంది. గోటికి గుంట తగిలితే పొర ఓడిపోయిందని అర్థం. పంట మధ్యలో ఆపినప్పుడు బోల్టులను మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం మంచిది.

రొయ్యల రైతు:
316 రకం వేస్తే ఈ బాధ తీరుతుందా? ధర చాలా ఎక్కువ చెబుతున్నారు.

నెల్లూరు సభ్యురాలు:
అందులో రెండు నుంచి మూడు శాతం మాలిబ్డినం ఉండి, క్లోరైడును బాగా తట్టుకుంటుంది. అయినా ఇరుకు సందులో, సముద్రమంత ఉప్పు ఉంటే అది కూడా చెడవచ్చు. మీ చెరువు లవణీయత చూడకుండా ఖర్చు తగినదో కాదో చెప్పలేను.

విద్యార్థిని:
వాక్యాన్ని ఇలా మార్చాను: ‘స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం ఆక్సిజన్‌తో వెంటనే చర్య జరిపి ఎడతెగని పలుచని పొరను ఏర్పరుస్తుంది, ఆక్సిజన్ అందుతున్నంతవరకు ఆ పొర తెగిన చోట మళ్లీ ఏర్పడుతుంది కాబట్టి లోపలి లోహానికి తుప్పు సాధారణంగా పట్టదు.’ ఒక్క సంగతి మాత్రం అర్థం కాలేదు. క్లోరైడు ఆ పొరను మొట్టమొదట ఎలా తెంచుతుంది?

నెల్లూరు సభ్యురాలు:
‘సాధారణంగా’ అన్న మాట తీసేయవద్దు. చివరి ప్రశ్నకు మాత్రం శాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయం లేదు. క్లోరైడు పొరలోంచి చొచ్చుకుపోతుందని కొందరు, పొర మీద చేరి దానిని ఒకే చోట పలుచన చేస్తుందని కొందరు, పొర తనంతట తానే అక్కడక్కడా చిట్లుతుంటే క్లోరైడు దానిని మళ్లీ ఏర్పడనివ్వదని మరికొందరు అంటారు. ఉక్కులో చిక్కుకున్న మాంగనీసు సల్ఫైడు రేణువుల దగ్గర గుంటలు తరచుగా మొదలవుతాయన్నది మాత్రం సూక్ష్మదర్శినిలో కనిపించే విషయమే.