చేతుల శుభ్రత ఆడిట్ షీట్లో అవకాశాలు మూడా, నాలుగా?

చిత్తూరు సిస్టర్: ఒక సిస్టర్ ఆల్కహాల్ హ్యాండ్ రబ్ రాసుకొని 7వ బెడ్ పేషెంటు నాడి చూసింది. వెంటనే గ్లౌజులు తొడిగి కాన్యులాలో ఇంజెక్షన్ ఇచ్చింది. గ్లౌజులు తీసేసి నేరుగా 8వ బెడ్‌కు పోయి బీపీ కట్టింది. షీట్లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అవకాశాలు ఎన్ని, చేసినవి ఎన్ని రాయాల? ఆరు స్టెప్పుల పోస్టరు ఎక్కడ అంటించాలో కూడా చెప్పండి.

పలమనేరు రఫీ: అవకాశాలు నాలుగు, చేసింది ఒకటి. 25 శాతం. 7ను వదిలినాక ఒకటి, 8ని తాకేముందు ఇంకొకటి.

ఆడిట్ అక్క: అక్కడే తప్పు రఫీ. 7 నుంచి 8కి పోయేటప్పుడు సందర్భాలు రెండు, కానీ చేతులు శుభ్రం చేయాల్సింది ఒక్కసారే. అవకాశం ఒకటే. సందర్భాల గళ్లలో రెండు టిక్కులు పెట్టు, భాగించేది మాత్రం అవకాశాలతోనే. మొత్తం మూడు, చేసింది ఒకటి. 33 శాతం.

పలమనేరు రఫీ: గ్లౌజులు వేసుకునిందిగా, ఇంజెక్షన్ ముందుది చేసినట్టే కదక్కా?

ఆడిట్ అక్క: కాదు. నాడి చూసిన చేత్తోనే గ్లౌజు పట్టుకునింది. గ్లౌజు రబ్‌కు బదులు కాదు, ‘చేయలేదు’ అనే రాయాల. తీసినాక కూడా అంతే.

మదనపల్లె ల్యాబ్: ఈ లెక్కలెందుకబ్బా, ప్రతిసారీ సబ్బు పెట్టి కడిగితే పోతుంది! రబ్ కంటే సబ్బే మేలు.

ఆడిట్ అక్క: చేతికి మురికి, రక్తం కనపడినా, క్లాస్ట్రిడియం డిఫిసిల్ విరేచనాల పేషెంటును తాకినా సబ్బే. ఆ క్రిమి స్పోర్లు ఆల్కహాలుకు చావవు. మిగతా వేళల్లో రబ్ 20–30 సెకన్లు, సబ్బయితే 40–60. ప్రతి బెడ్‌కూ సింకు దాకా ఎవరు పోతారు?

శ్రీకాళహస్తి స్టోర్స్: మా వార్డులో బాటిలు నెలంతా వస్తా ఉంది. పొదుపుగా వాడతారు మావాళ్లు.

ఆడిట్ అక్క: అది పొదుపు కాదన్నా, అనుమానించాల్సిన సంగతి. ఒక నొక్కుకు ఎంత వస్తుందో మందు కప్పులో పట్టి చూడండి. అరచేయి నిండాల, 20 సెకన్లు తడి ఆరకూడదు. ముందే ఆరిపోతే బొటనవేళ్లు, గోళ్ల కొనలు మిగిలిపోతాయి. బొటనవేలిని రెండో పిడికిట్లో పట్టి తిప్పాల, వేళ్ల కొనలు అరచేతిలో రుద్దాల. తడి చేతి మీద పోస్తే మందు పలచబడుతుంది, అదొకటి.

మదనపల్లె ల్యాబ్: ఎవరో నిలబడి చూస్తా ఉంటే అందరూ బాగానే రాసుకుంటారు. మీ 33 కూడా ఎక్కువే అయ్యుంటుంది.

ఆడిట్ అక్క: నిజమే, కాదనను. అందుకే ఒక విడతకు 20 నిమిషాలు చాలు, ఒకేసారి ముగ్గురికి మించి గమనించొద్దు. చూడనిది ఊహించి రాయొద్దు. ఈ ఒక్క సిస్టర్ 33 పట్టుకొని వార్డు గోడ మీద పెట్టొద్దు. వార్డు శాతం అనాలంటే 200 అవకాశాలన్నా పోగు కావాల.

పలమనేరు రఫీ: చెప్పకుండా చూస్తే సరి.

శ్రీకాళహస్తి స్టోర్స్: చెప్పకుండా చూస్తే ఆ సిస్టర్ మీతో మళ్లీ మాట్లాడుతుందా?

చిత్తూరు సిస్టర్: మూడే రాస్తాను. పోస్టరు సంగతి మాత్రం ఎవరూ చెప్పలా.