ఉలవల హైడ్రోలైజేట్‌తో ఏమ్స్ టెస్ట్: కాలనీలు పెరిగింది మ్యుటేషన్ వల్లా, హిస్టిడిన్ వల్లా?

నమస్కారం అండీ. బెంగళూరులో ఒక చిన్న టాక్సికాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఉలవల ప్రోటీన్ హైడ్రోలైజేట్‌కి ఏమ్స్ టెస్ట్ చేస్తే టీఏ98లో కంట్రోల్ ప్లేటుకి సగటున 28 కాలనీలు, 5 మిల్లీగ్రాముల డోసులో 71 వచ్చాయి. టీఏ100లో 118 కాస్తా 296 అయింది. ఎస్9 కలిపినా కలపకపోయినా ఇంతే.

రెండు రెట్లు దాటింది కాబట్టి పాజిటివ్ అని రాసెయ్యమంటున్నారు మా సార్. నాకు మనసొప్పడం లేదు. ఫ్రేమ్‌షిఫ్ట్‌ని పట్టే టీఏ98, బేస్ మార్పుని పట్టే టీఏ100 దాదాపు ఒకే నిష్పత్తిలో ఎందుకు పెరగాలి? పైగా మైక్రోస్కోప్ కింద కాలనీల మధ్య పల్చగా ఉండాల్సిన బ్యాక్టీరియా పొర మీగడ కట్టినట్టు చిక్కగా కనిపిస్తోంది. టాప్ అగార్‌లో మనం వేసే కాస్త హిస్టిడిన్ అయిపోగానే ఆ పొరలోని బ్యాక్టీరియా పెరగడం ఆగిపోవాలి. సాంపిల్‌లోని హిస్టిడిన్ తిని ఇంకొన్నిసార్లు విభజన చెందితే, వాటంతటవే వచ్చే రివర్టెంట్లు కూడా పెరుగుతాయి కదా!

అందుకే ట్రీట్ అండ్ వాష్ చేద్దామనుకుంటున్నాను: ద్రవంలోనే సాంపిల్‌తో 37 డిగ్రీల దగ్గర ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, బఫర్‌తో కడిగి, అప్పుడు ప్లేట్ చెయ్యడం. ఇది చేసినవాళ్లు చెప్పండి. ఎంతసేపు ఉంచారు? కడిగేటప్పుడు పోయే కణాలను ఎలా లెక్కలోకి తీసుకున్నారు? సాంపిల్‌లో ఉన్నంత హిస్టిడిన్ మాత్రమే వేసిన కంట్రోల్ ప్లేట్లు కూడా జతగా పెడితే రిపోర్టులో ఒప్పుకుంటారా? సోమవారం కొత్త కల్చర్ వెయ్యాలి, చాలా టెన్షన్‌గా ఉంది.