అప్‌డేట్: సర్వే తర్వాత ఇంటర్వ్యూలు ఎందుకో ఇలా రాశాను

నా ప్రశ్న: "గుంటూరు మిర్చి రైతులపై సర్వే చేశాను. మళ్లీ ఇంటర్వ్యూలు ఎందుకని గైడ్ అడుగుతున్నారు. మెథడాలజీలో ఏం రాయాలి?"

"రెండూ కలిపితే సమగ్రంగా ఉంటుంది" అన్న వాక్యం తీసేశాను. అది ఏ థీసిస్‌కైనా అతుకుతుంది. బదులుగా సర్వే ఎక్కడ ఆగిపోయిందో చూపించాను. కోల్డ్ స్టోరేజీ దగ్గర్లో ఉన్నా చాలామంది కోత కాగానే అమ్మేస్తున్నారు. ఎందుకన్నది ప్రశ్నావళి చెప్పలేదు. అందుకే అలా చెప్పినవాళ్లలోంచే చిన్న, పెద్ద రైతులను ఇంటర్వ్యూలకు ఎంచుకున్నాను. పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చిన కమీషన్ వ్యాపారికే సరుకు వేయాలన్న మాట అక్కడే బయటపడింది. ముందు సర్వే చేసి, దాని ఫలితాలకు కారణం తెలుసుకోవడానికి తర్వాత ఇంటర్వ్యూలు చేసే ఈ డిజైన్‌ను ఎక్స్‌ప్లనేటరీ సీక్వెన్షియల్ అంటారు.

రెండూ ఎక్కడ కలుస్తాయని గైడ్ గట్టిగా అడిగారు. సర్వే ఫలితం, పక్కన రైతు మాట, ఆ పక్కన నా నిర్ధారణ ఉండేలా టేబుల్ పెట్టాను. ఈ కారణం ఎంతమందికి వర్తిస్తుందో ఇంటర్వ్యూలు చెప్పలేవు, ఆ పరిమితి కూడా రాశాను. చాప్టర్ ఓకే అయింది.