అప్‌డేట్: ఇసుక పొర పారగమ్యత, ల్యాబ్ విలువా? పంపింగ్ విలువా?

నేను అడిగింది: "ల్యాబ్‌లో ఫాలింగ్ హెడ్ పరీక్ష 6×10⁻⁵ మీ/సె ఇచ్చింది, సైటులో పంపింగ్ పరీక్ష దాదాపు 8 రెట్లు ఎక్కువ చూపుతోంది. తవ్వకంలో నీరు తోడే లెక్కకు ఏది వాడాలి?"

పంపింగ్ విలువే తీసుకున్నాం.

ముందు ల్యాబ్ విలువను తరచి చూశాం. ఇసుకలో నిలువు గొట్టంలోని నీటిమట్టం కొన్ని సెకన్లలోనే సగానికి పడిపోతుంది. అంత వేగంలో స్టాప్‌వాచ్ తేడా, రంధ్రపు రాయి అడ్డు కూడా ఫలితంలో కలిసిపోతాయి. ఫాలింగ్ హెడ్ అసలు సన్నని మట్టికి తగినది. అందుకే గాలి తీసిన నీటితో నమూనాను కింది నుంచి నెమ్మదిగా తడిపి, కాన్‌స్టంట్ హెడ్ పద్ధతిలో మళ్లీ చేయించాం. ప్రవణత పెంచినకొద్దీ ప్రవాహం అదే నిష్పత్తిలో పెరిగింది, అంటే డార్సీ నియమం పరిధిలోనే ఉన్నాం. విలువ 1.5×10⁻⁴కి చేరింది.

ఇక పంపింగ్. పొర మందం 8 మీ, తోడకం సెకనుకు 10 లీటర్లు. మట్టాలు నిలకడకు వచ్చాక 5 మీ, 20 మీ దూరంలోని పరిశీలన బావుల్లో తగ్గుదల 1.10 మీ, 0.55 మీ.

```
k = Q ln(r2/r1) / (2πb(s1−s2))
  = 0.01×1.386 / (2π×8×0.55)
  ≈ 5×10⁻⁴ m/s
```

పొర పైభాగం కన్నా నీటిమట్టం ఎక్కడా దిగలేదు కాబట్టి ఈ సూత్రం చెల్లుతుంది.

మిగిలిన తేడాకు కారణం బోరు నమూనాను చీల్చి చూస్తే కనిపించింది: ఇసుక మధ్య పలుచని ఒండ్రు చారలు. ల్యాబ్‌లో నీరు వాటిని నిలువుగా దాటాలి. బావి వైపు మాత్రం ముతక ఇసుక వెంట అడ్డంగా పరుగెడుతుంది.